గురువారం ₹1,980 ఎక్కువ, ఆదివారం ₹2,340 మామూలే: యాడ్ ఖర్చుకు రోజువారీ అలర్ట్ లెక్క

గుంటూరు బ్రాడీపేటలో పచ్చళ్లు, కారాలు అమ్మే చిన్న వ్యాపారం ఒకటి ఉందనుకుందాం. ఆన్‌లైన్ ఆర్డర్ల కోసం గూగుల్ యాడ్స్‌లో ఒక క్యాంపెయిన్ నడుస్తోంది. రోజు బడ్జెట్ ₹2,500. మొన్న ఆదివారం ₹2,340 ఖర్చయింది. ఆ తర్వాత గురువారం ₹1,980 అయింది. ఈ రెండు రోజుల్లో ఏ రోజు ఎక్కౌంట్ తెరిచి చూడాలి?

అంకెలు చూస్తే ఆదివారమే అనిపిస్తుంది. చూడాల్సింది గురువారం. ఎందుకో తేల్చే లెక్క పెద్దదేమీ కాదు, ఒక గూగుల్ షీట్‌లో పట్టేస్తుంది. ఈ అంకెలు ఉదాహరణ కోసం వేసుకున్నవి. పద్ధతి మాత్రం ఏ షాపు ఎక్కౌంట్‌కైనా పనికొస్తుంది.

యాడ్స్ చూసుకునేవాళ్లలో చాలామంది పెట్టుకునే అలర్ట్ ఒకటే: "సగటు కంటే 20 శాతం పెరిగితే మెయిల్ పంపు." ఈ 20 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే జవాబు ఉండదు. గుండ్రంగా ఉంది కాబట్టి పెట్టారంతే. ఒక క్యాంపెయిన్‌కు 20 శాతం అటూఇటూ కావడం రోజూ ఉండే సంగతే, అక్కడ మెయిల్ ఊరికే మోగుతుంది. ఇంకో క్యాంపెయిన్ ఎప్పుడూ ఆరేడు శాతం దాటి కదలదు, అక్కడ 15 శాతం పెరిగిందంటే ఏదో జరిగినట్టే, కానీ మెయిల్ రాదు. మన షాపుకు రోజు సగటు ₹1,810. గురువారం ₹1,980 అంటే 9 శాతమే ఎక్కువ, కాబట్టి అలర్ట్ రాదు. ఆదివారం ₹2,340 అంటే 29 శాతం ఎక్కువ, కాబట్టి ప్రతి ఆదివారం మోగుతుంది. నెల తిరిగేసరికి ఆ మెయిల్‌ను ఎవరూ తెరవరు.

అందుకే మొదట వారంలోని రోజుల తేడా తీసేయాలి. ఆదివారం ఇంట్లో ఉండి ఫోన్ చూసేవాళ్లు ఎక్కువ, ఖర్చు పెరగడం సహజం. ఎనిమిది వారాల ఖర్చు తీసుకుని సోమవారాలన్నీ ఒకచోట, మంగళవారాలన్నీ ఒకచోట పెట్టి, ఒక్కో రోజుకు మధ్య విలువ, అంటే మీడియన్ తీయాలి. ఆ ఏడు మీడియన్ల సగటుతో ఒక్కో మీడియన్‌ను భాగిస్తే ఆ రోజుకు ఒక గుణకం వస్తుంది. మన షాపుకు సోమ, మంగళ, బుధవారాలకు 0.90, గురు, శుక్రవారాలకు 0.95, శనివారానికి 1.10, ఆదివారానికి 1.30 వచ్చాయనుకుందాం. ఏడూ కలిపితే 7 రావాలి, రాకపోతే లెక్కలో ఎక్కడో తప్పు దొర్లినట్టే.

ఇప్పుడు ప్రతి రోజు ఖర్చునూ ఆ రోజు గుణకంతో భాగించాలి. ఆదివారం ₹2,340ను 1.30తో భాగిస్తే 1,800. అంతకుముందు సోమవారం ₹1,620 అయిందనుకుంటే, దాన్ని 0.90తో భాగించినా 1,800. చూడ్డానికి ఏడొందల తేడా ఉన్న రెండు రోజులు నిజానికి ఒకలాంటివే. మరి గురువారం 1,980ని 0.95తో భాగిస్తే 2,084. ఇక తేల్చాల్సింది 2,084 ఎక్కువా కాదా అన్నది.

దీనికి జవాబు 1924లోనే దొరికింది. అమెరికాలో బెల్ టెలిఫోన్ కంపెనీకి పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్‌లో పనిచేసే వాల్టర్ షూహార్ట్, ఫ్యాక్టరీలో తయారయ్యే సరుకు కొలతల్లో ఏ తేడాను పట్టించుకోవాలి, ఏ తేడాను వదిలేయాలి అని చెప్పే కంట్రోల్ చార్ట్ గీశాడు. ఏ పనిలోనైనా రోజూ ఉండే ఊగిసలాట కొంత ఉంటుంది. ఆ ఊగిసలాట ఎంతో ముందు కొలిచి, దానికి బయట పడ్డ రోజునే పట్టించుకోవాలి అన్నది దాని సారం. హద్దును మన ఇష్టం వచ్చిన శాతంతో కాకుండా ఆ క్యాంపెయిన్ గతం నుంచే తీయాలన్నమాట.

కొలిచే పద్ధతి సులువు. ఈరోజు అంకెకూ నిన్నటి అంకెకూ తేడా ఎంతో చూడాలి, ప్లస్సా మైనస్సా అన్నది వదిలేయాలి. మన షాపు గుణకం తీసేశాక వరసగా పది రోజులు ఇలా ఉన్నాయనుకుందాం: 1,800, 1,740, 1,860, 1,790, 1,830, 1,760, 1,900, 1,820, 1,750, 1,850. సగటు 1,810. పక్కపక్క రోజుల తేడాలు తొమ్మిది: 60, 120, 70, 40, 70, 140, 80, 70, 100. వాటి సగటు 83 చిల్లర. దాన్ని 2.66తో గుణిస్తే 222. సగటుకు అది కలిపితే పై హద్దు 2,032, తీసేస్తే కింది హద్దు 1,588. 2.66 అన్నది గాలిలోంచి వచ్చింది కాదు. పక్క రోజుల తేడాల సగటును 1.128తో భాగిస్తే, అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే స్టాండర్డ్ డీవియేషన్ అంచనా వస్తుంది, దానికి మూడు రెట్లు కావాలి కాబట్టి 3ను 1.128తో భాగించగా వచ్చిన అంకె అది.

గురువారం 2,084, హద్దు 2,032. దాటింది. అలర్ట్ రావాలి.

పది రోజులు ఇక్కడ చేతిలెక్క కోసం మాత్రమే. నిజంగా పెట్టేటప్పుడు కనీసం 28 రోజులు తీసుకోవడం మంచిది.

ఇంతవరకూ బాగానే ఉంది. చాలా షీట్లు చెడిపోయేది దీని తర్వాతి మెట్టులో. పక్క రోజుల తేడాల గొడవ ఎందుకు, షీట్‌లో STDEV ఫార్ములా ఉంది కదా, సగటుకు దానికి మూడు రెట్లు కలిపేస్తే పోలా అనిపిస్తుంది. అదే పది రోజుల్లో ఎనిమిదో రోజు 1,820కి బదులు 4,000 అయిందనుకుందాం. అది జరగని పని కూడా కాదు. గూగుల్ యాడ్స్‌లో మనం పెట్టే రోజు బడ్జెట్ నిజానికి సగటు బడ్జెట్. ఏదైనా ఒక రోజు దానికి రెట్టింపు వరకూ, అంటే ₹5,000 వరకూ ఖర్చు కావచ్చు. నెల మొత్తం మీద 30.4 రెట్లు, అంటే ₹76,000 దాటకుండా మాత్రమే చూస్తారు.

ఆ ఒక్క రోజు వల్ల సగటు 2,028కి పోతుంది. స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 695 అవుతుంది. మూడు రెట్లు కలిపితే పై హద్దు సుమారు 4,110. అంటే ఆ 4,000 కూడా హద్దు లోపలే! దొంగ తానే వచ్చి ప్రహరీ గోడ ఎత్తు పెంచుకున్నట్టు ఉంటుంది. ఇది ఈ అంకెల వల్ల వచ్చిన తమాషా కాదు. ఇలా లెక్కిస్తే పది రోజుల్లో ఏ ఒక్క రోజూ తన సగటు నుంచి మూడు స్టాండర్డ్ డీవియేషన్ల దూరం పోవడం అసాధ్యం. 2.85 రెట్లు కూడా దాటదు. ఆ షీట్‌లో అలర్ట్ రాదు, ఎంత ఖర్చయినా రాదు.

పక్క రోజుల తేడాల సగటుతో చేస్తే కొంత నయం. తేడాల సగటు 550 అవుతుంది, పై హద్దు 3,491. 4,000 దొరికిపోతుంది. కానీ ఆ తర్వాత వచ్చే మన గురువారం 2,084 మాత్రం తప్పించుకుంటుంది, ఎందుకంటే హద్దు బాగా వాచిపోయింది. దీనికి మందు మీడియన్. సగటు బదులు మీడియన్, తేడాల సగటు బదులు తేడాల మీడియన్ తీసుకుని, 2.66 బదులు 3.145తో గుణించాలి. ఆ 4,000 ఉన్న పది రోజులకు మీడియన్ 1,815, తేడాల మీడియన్ 100, పై హద్దు 2,130. ఏ గొడవా లేని మామూలు పది రోజులకు ఇదే పద్ధతిలో 2,030 వస్తుంది, సగటుతో తీసిన 2,032కి దాదాపు సమానం. 4,110 ఎక్కడ, 2,130 ఎక్కడ! ఆ 2,130తో కూడా గురువారం 2,084 దొరకదన్నది నిజమే. అందుకే ఏదో జరిగిందని తెలిసిన రోజును లెక్కలోంచి చేత్తో తీసేయాలి. తీయడం మర్చిపోయినా షీట్ పూర్తిగా గుడ్డిదైపోకుండా మీడియన్ కాపాడుతుంది.

షీట్‌లో ఇది ఇలా ఉంటుంది. A కాలమ్‌లో తేదీ, Bలో ఖర్చు, Cలో గుణకం, Dలో భాగించిన అంకె, Eలో పక్క రోజు తేడా. 2 నుంచి 29 వరకూ వరసలు గతం, 30వ వరస నిన్నటిది.

```
D2:  =B2/C2
E3:  =ABS(D3-D2)
పై హద్దు:   =MEDIAN(D2:D29)+3.145*MEDIAN(E3:E29)
కింది హద్దు: =MEDIAN(D2:D29)-3.145*MEDIAN(E3:E29)
```

పరీక్షించే రోజు గతంలో కలవకూడదు. D2:D30 అని రాస్తే నిందితుడిని జడ్జీల బెంచిలో కూర్చోబెట్టినట్టే. ఇది చిన్న పొరపాటులా కనిపిస్తుంది కానీ చాలా షీట్లలో ఉంటుంది.

అంకెలు రోజూ చేత్తో ఎక్కించడం వారం కంటే ఎక్కువ సాగదు. గూగుల్ యాడ్స్‌లో స్క్రిప్ట్ పెట్టే వీలుంది, రోజూ ఫలానా గంటకు నడవమని చెప్పొచ్చు. నిన్నటి అంకెలను షీట్‌లోకి తెచ్చే స్క్రిప్ట్ ఇంతే:

```
function main() {
  var acc = AdsApp.currentAccount();
  var s = acc.getStatsFor("YESTERDAY");
  var d = new Date(Date.now() - 86400000);
  var day = Utilities.formatDate(d, acc.getTimeZone(), "yyyy-MM-dd");
  SpreadsheetApp.openByUrl("SHEET_URL").getSheetByName("raw")
    .appendRow([day, s.getCost(), s.getClicks()]);
}
```

ఇది మొత్తం ఎక్కౌంట్ అంకె తెస్తుంది. మన షాపుకు ఉన్నది ఒకే క్యాంపెయిన్ కాబట్టి సరిపోతుంది. raw అనే షీట్‌ను విడిగా పెట్టడానికి ఒక కారణం ఉంది. appendRow ఎప్పుడూ ఏదైనా ఉన్న ఆఖరి వరస కిందే రాస్తుంది. ఫార్ములాలు ముందుగానే వెయ్యో వరస వరకూ లాగి పెట్టుకున్న షీట్‌లోకి పంపితే నిన్నటి ఖర్చు వెయ్యిన్నొకటో వరసలో పడుతుంది, హద్దుల లెక్కలోకి రాదు, పైన చూస్తున్నవాళ్లకు అలర్ట్ ప్రశాంతంగా ఉన్నట్టే కనిపిస్తుంది. లెక్కలు వేరే షీట్‌లో పెట్టుకుని raw నుంచి తెచ్చుకోవాలి. హద్దు దాటితే MailApp.sendEmail అనే ఒక్క లైను మెయిల్ పంపుతుంది.

స్క్రిప్ట్ నడిచే వేళ ఉదయం ఎనిమిది, తొమ్మిది మధ్య పెడితే చాలు, నిన్నటి క్లిక్కులు, ఖర్చు అప్పటికి దాదాపు స్థిరపడతాయి. చెల్లని క్లిక్కులని గూగుల్ తర్వాత తేల్చినవాటి డబ్బు వెనక్కి వస్తుంది కాబట్టి ఖర్చు ఆ తర్వాత కొద్దిగా మారవచ్చు. ఆర్డర్లను మాత్రం ఈ అలర్ట్‌లో పెట్టకూడదు. ఈరోజు క్లిక్ చేసినవాళ్లు రెండు మూడు రోజులకు కొంటారు, అది క్లిక్ చేసిన రోజు ఖాతాలోనే పడుతుంది. కాబట్టి నిన్నటి ఆర్డర్లు ఉదయాన్నే చూస్తే ఎప్పుడూ తక్కువే కనిపిస్తాయి, రోజూ కింది హద్దు దాటేస్తుంది.

ఇంకో చోట చూసుకోవాల్సింది ఎక్కౌంట్ టైమ్ జోన్. ఎవరో అమెరికాలో ఉన్న బంధువు ఎక్కౌంట్ తెరిచి ఇచ్చి, పసిఫిక్ టైమ్ పెట్టి ఉంటే ఆ ఎక్కౌంట్‌లో రోజు మొదలయ్యేది మనకు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు, వాళ్ల వేసవిలో పన్నెండున్నరకు. "ఆదివారం" అని కనిపించేదాంట్లో సగం సోమవారం ఉంటుంది. వారపు గుణకాల్లో ఆదివారానిది తగ్గి శనివారానిది పెరిగిందంటే, ఆదివారానికీ సోమవారానికీ తేడా తగ్గిపోయిందంటే, మొదట ఈ సెట్టింగే అనుమానించాలి.

మళ్లీ గురువారానికి వద్దాం. ఖర్చుకు తీసినట్టే క్లిక్కులకూ విడిగా గుణకాలు, హద్దులు తీయాలి. సౌలభ్యం కోసం గుణకాలు అవే వచ్చాయనీ, మామూలు రోజు క్లిక్కులు 302, హద్దులు 254 నుంచి 350 వరకూ అనీ అనుకుందాం. మెయిల్‌లో ఈ భాగించిన అంకెలు పెడితే చదివేవాళ్లకు అర్థం కాదు. హద్దులను తిరిగి ఆ రోజు గుణకంతో గుణించి, నిజం రూపాయల్లో చెప్పాలి. శుక్రవారం ఉదయం వచ్చే మెయిల్ ఇలా ఉంటే సరిపోతుంది: "గురువారం ఖర్చు ₹1,980, మామూలుగా ₹1,510 నుంచి ₹1,929. క్లిక్కులు 440, మామూలుగా 241 నుంచి 333. ఒక్కో క్లిక్ ₹4.50, మామూలుగా ₹6."

ఈ మూడు అంకెలూ పక్కపక్కన ఉంటే సగం జబ్బు అక్కడే తెలుస్తుంది. ఖర్చు హద్దును కొద్దిగానే దాటింది, క్లిక్కులు మాత్రం ఎగిరిపోయాయి, క్లిక్ ధర పడిపోయింది. ఇది గిరాకీ పెరిగినప్పుడు కనిపించే తీరు కాదు. గిరాకీ పెరిగితే క్లిక్కులు, ఖర్చు కలిసి పెరుగుతాయి, ధర అటూఇటూగా అక్కడే ఉంటుంది. క్లిక్కులు పెరిగి ధర పడితే, చౌకగా దొరికే, మనకు పనికిరాని జనం ఎక్కడి నుంచో వస్తున్నారన్నమాట. దీనికి తిరగేసి, క్లిక్కులు తగ్గి ఖర్చు అలాగే ఉంటే ధర పెరిగింది, పోటీగా ఎవరో గట్టిగా బిడ్ చేస్తున్నారేమో చూడాలి. రెండూ సున్నా అయితే ఆలోచించాల్సిన పనే లేదు, కార్డు చెల్లకపోవడమో యాడ్ తిరస్కరించడమో అయ్యుంటుంది.

సెర్చ్ టర్మ్స్ రిపోర్ట్ తెరిచి ఆ ఒక్క గురువారానికి చూస్తే, కారం కొనాలనుకునేవాళ్ల మాటల పక్కన ట్రైలర్, పాటలు, టికెట్లు అనే మాటలు కనిపిస్తాయి. షాపు పెట్టుకున్న కీవర్డ్ గుంటూరు కారం, అదీ దానికి దగ్గరగా ఉన్న వేరే మాటలు వెతికినా యాడ్ చూపించే బ్రాడ్ మ్యాచ్‌లో. 2024 సంక్రాంతికి సరిగ్గా ఆ పేరుతోనే సినిమా వచ్చింది. మన షాపు గురువారం ఆ రోజుల్లోదే అనుకుంటే సంగతి విడిపోతుంది: సినిమా కోసం వెతికేవాళ్లకు పచ్చళ్ల షాపు యాడ్ కనిపించింది, కొందరు నొక్కారు. చేయాల్సింది trailer, songs, tickets, review లాంటి మాటలను నెగటివ్ కీవర్డ్‌లుగా పెట్టడం, తెలుగు లిపిలో కూడా. ఆ గురువారం అదనంగా పోయింది ₹260 మాత్రమే. నెలంతా ఎవరూ చూడకపోతే ₹7,800. ఇంత చిన్న తేడాను 20 శాతం రూలు పట్టదు, కంటితో చూస్తే అసలే దొరకదు.

ఇక్కడ ఒక గుడ్డి మచ్చ గురించి చెప్పాలి. మన షాపు బడ్జెట్ ₹2,500 కాకుండా ₹1,500 అయి, ప్రతి రోజూ బడ్జెట్ మొత్తం అయిపోతూ ఉంటే ఖర్చు ఎప్పుడూ ఆ మూతకు ఆనుకునే ఉంటుంది. సినిమా క్లిక్కులు వచ్చినా ఖర్చు దాదాపు అంతే. అసలు కొనేవాళ్లకు సాయంత్రానికి యాడ్ కనిపించడం మానేస్తుంది, ఖర్చు అలర్ట్ మాత్రం నోరెత్తదు. బడ్జెట్ చాలని క్యాంపెయిన్‌లో ఖర్చు మీద కాపలా పెట్టడం దండగ, క్లిక్కులూ క్లిక్ ధరా చూడాలి.

హద్దు మూడు రెట్లే ఎందుకు, రెండు పెడితే ఇంకా త్వరగా దొరుకుతుంది కదా అని అడగొచ్చు. అంకెలు గంట ఆకారంలో పడుతున్నాయనుకుంటే, ఏమీ జరగని రోజు కూడా రెండు రెట్ల హద్దును ఇరవై రెండింట్లో ఒకసారి దాటుతుంది, మూడు రెట్ల హద్దును దాదాపు 370లో ఒకసారి. ఐదు క్యాంపెయిన్లు, ఒక్కోదానికి ఖర్చు, క్లిక్కులు అంటే రోజుకు పది పరీక్షలు. రెండు రెట్లతో రెండు రోజులకొక దొంగ మెయిల్, మూడు రెట్లతో నెల దాటాక ఒకటి. నిజం ఎక్కౌంట్లు అంత చక్కగా ఉండవు కాబట్టి ఇంకొంచెం ఎక్కువే రావచ్చు, అయినా భరించేలా ఉంటుంది.

మూడు రెట్ల హద్దుకు ఉన్న లోపం మెల్లగా జరిగే మార్పు. క్లిక్ ధర వారానికి రెండు శాతం చొప్పున పెరుగుతూ పోతే కొన్ని వారాల దాకా హద్దు దాటకపోవచ్చు. పైగా చాలామంది హద్దులను రోజూ గత 28 రోజులతో మళ్లీ లెక్కిస్తారు, అప్పుడు హద్దు కూడా ఖర్చు వెనకే మెట్లెక్కుతుంది. అందుకే ఒకసారి తీసిన హద్దులను అలాగే ఉంచి, మధ్య గీతకు ఒకే వైపు వరసగా ఎనిమిది రోజులు పడితే విడిగా ఒక మెయిల్ వచ్చేలా పెట్టాలి. బడ్జెట్ మార్చారు, కొత్త కీవర్డ్‌లు కలిపారు, ధర తగ్గించారు అనే కారణం ఉంటే ఆ రోజు నుంచి కొత్తగా హద్దులు తీయాలి. కారణం తెలియకపోతే హద్దులు ముట్టుకోకూడదు, ముందు కారణం వెతకాలి. మామిడికాయల కాలంలో ఆవకాయకు వచ్చే గిరాకీ లాంటిది తెలిసిన కారణమే, దానికి వేరే హద్దులు ఉండాలి.

లెక్కలోంచి తీసేయాల్సిన రోజులు కూడా ఇలాగే ఊరిని బట్టి ఉంటాయి. విజయవాడ వరకే యాడ్ చూపించే షాపు 2024 సెప్టెంబరు మొదటి వారాన్ని, బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచిన రోజుల్ని, గతం కింద వాడుకోకూడదు. దసరా నవరాత్రుల పది రోజులూ అంతే. షీట్‌లో ఒక కాలమ్ పెట్టి అలాంటి రోజు ఎదురుగా కారణం రాసుకుంటే, ఏడాది తర్వాత ఆ ఖాళీ ఎందుకుందో వెతుక్కోవాల్సిన పని ఉండదు.

రోజుకు పది పదిహేను క్లిక్కులు మించని క్యాంపెయిన్‌కు మాత్రం ఈ పద్ధతి నప్పదు. కింది హద్దు తరచూ మైనస్‌లోకి పోతుంది, అప్పుడు క్లిక్కులు సున్నా అయినా లెక్క ప్రకారం మామూలే. అలాంటివాటిని కలిపి ఎక్కౌంట్ మొత్తానికి ఒకే హద్దు తీయడమో, మూడేసి రోజులు కూడి చూడటమో చేయాలి. సున్నా కోసం వేరే రూలు చాలు: మామూలుగా రోజూ క్లిక్కులు వచ్చే క్యాంపెయిన్‌లో నిన్న ఒక్కటీ లేకపోతే మెయిల్, హద్దులతో పనిలేదు.